రిపోర్టులో ఎల్4-5, చీటీలో ఎల్4 నరం. ఏది నమ్మాలి?

ఒంగోలు_బస్టాండు
నాన్నకి 61 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఐదు వారాల క్రితం గ్యాస్ బండ లేపి పక్కకి తిరిగారు. ఆ రాత్రే ఎడమ తొడ ముందు భాగం నుంచి మోకాలి లోపలి వైపుకి గుంజడం మొదలైంది. నడుం నొప్పి పెద్దగా లేదు. తర్వాతి వారం మెట్లు దిగుతుంటే ఎడమ మోకాలు ఉన్నట్టుండి మడత పడిపోయింది. రెయిలింగ్ చేతికి అందింది కాబట్టి సరిపోయింది.

ఎంఆర్ఐ తీయిస్తే ఎల్4-5లో, అంటే నడుం నాలుగో ఐదో పూసల మధ్య, డిస్క్ బల్జ్, ఎల్5-ఎస్1లో కొద్దిగా బల్జ్ అని రాశారు. మొదటి డాక్టరుగారు అది చూసి "ఎల్4-5 డిస్కు ఎల్5 నరాన్ని నొక్కుతుంది, అలాంటప్పుడు నొప్పి పాదం మీదికి దిగాలి, ఈయనకి అలా లేదు, ఇది మోకాలి అరుగుదల" అని మాత్రలిచ్చి పంపారు. రెండో ఆయన సుత్తితో మోకాలిచిప్ప కింద కొట్టారు. కుడి కాలు ఎగిరింది, ఎడమది ఉలకలేదు పలకలేదు. చీటీలో "ఎడమ ఎల్4 రాడిక్యులోపతి" అని రాశారు, అంటే ఎల్4 నరం వెన్ను దగ్గరే నలిగిందట. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే. డిస్కు ఎల్4-5 అయినప్పుడు నరం ఎల్4 ఎలా అవుతుంది? రిపోర్టు తప్పా, రెండో ఆయన తప్పా?

వంటింటి_వైద్యం
మోకాలికి వేడి ఆముదం రాసి జిల్లేడాకు కట్టండి. మా అత్తగారికి మూడు రోజుల్లో తగ్గింది.

ఒంగోలు_బస్టాండు
అమ్మ రెండో రోజే కట్టిందండి. ఆకు వాడిపోయింది, నొప్పి అలాగే ఉంది.

నడుంనొప్పి_నారాయణ
నాకు ఎల్5-ఎస్1 జారి రెండేళ్ళయింది కాబట్టి చెప్తున్నా. రూలు ఒకటే, జారిన డిస్కు రెండు నంబర్లలో కింది నంబరు నరాన్ని పట్టుకుంటుంది. నాకు ఎల్5-ఎస్1 కాబట్టి ఎస్1 నరం. పిక్క గుంజేది, చిటికెనవేలు, పాదం బయటి అంచు తిమ్మిరి. మడమ వెనక సుత్తితో కొడితే పాదం కదల్లేదు. అంతా పుస్తకంలో ఉన్నట్టే. మీ నాన్నగారిది ఎల్4-5 కాబట్టి ఎల్5 నరమే కావాలి. మొదటి డాక్టరు చెప్పిందే కరెక్టు, రెండో ఆయన తొందరపడ్డారు.

ఫిజియో_గాజువాక
నారాయణ గారూ, రూలు మంచిదే, కానీ పేషెంటుని పక్కన పెట్టి రూలు పట్టుకుంటే ఎలా? అరుగుదల వల్ల మోకాలు నొప్పెడుతుంది, వాస్తుంది, తొడ కొంచెం బలహీనం కూడా అవుతుంది. సుత్తి దెబ్బకి కాలు ఎగరకపోవడం మాత్రం అరుగుదల పని కాదు. అది ఒక్క కాలికే పోయిందంటే నరం వైపే చూడాలి.

సుత్తి_పట్టినోడు
పేరుకి తగ్గట్టే కాస్త సుత్తి వేస్తాను, ఓర్చుకోండి. న్యూరాలజీలో ముప్ఫై ఏళ్ళు ఇదే పని.

కండక్టరు గారికి అర్థమయ్యేలా చెప్తాను. వెన్ను కాలువ ఒక బస్సు అనుకోండి. నరాలన్నీ పైనుంచి కిందికి వస్తూ ఒక్కో స్టాపులో ఒక్కటి దిగుతాయి. ఎల్4 నరం ఎల్4 పూసని ఆనుకుని, దాని కిందుగానే బయటికి తిరుగుతుంది. ఎల్4-5 డిస్కు దానికంటే ఒక మెట్టు దిగువన ఉంటుంది. అంటే బస్సు డిస్కు దగ్గరికి వచ్చేసరికి ఎల్4 దిగిపోయి రోడ్డు మీద ఉంటాడు. బస్సులో డోరు పక్కన నిలబడి ఉండేది తర్వాతి స్టాపులో దిగాల్సిన ఎల్5. డిస్కు మామూలుగా జారేది వెనక్కి, కాస్త పక్కకి, అంటే బస్సులోపలికే. అప్పుడు నలిగేది ఎల్5. నారాయణ గారి రూలు ఇదే, ఎక్కువమందికి సరిపోతుంది.

అదే డిస్కు ఇంకా పక్కకి, నరం బయటికి వెళ్ళే రంధ్రంలోకో దాని అవతలికో జారిందనుకోండి. లోపలున్న ఎల్5కి ఏమీ కాదు. దిగి రోడ్డు మీద నడుస్తున్న ఎల్4 మీద పడుతుంది. డిస్కు అదే, నంబరు అదే, నరం వేరు. ఇలాంటివి తక్కువే కానీ అరుదేమీ కాదు, వయసు మళ్ళినవాళ్ళలో ఇంకాస్త ఎక్కువ చూస్తాం. కాబట్టి ఇద్దరు డాక్టర్లూ ఒకే డిస్కు గురించి మాట్లాడుతూ ఉండొచ్చు.

రెండో ఆయన ఇంకేం పరీక్షలు చేశారో గుర్తుంటే రాయండి. బోర్లా పడుకోబెట్టి మోకాలు మడిచారా?

నడుంనొప్పి_నారాయణ
రెండేళ్ళుగా అందరికీ ఈ రూలు చెప్తున్నా. ఇద్దరు బావమరుదులకి కూడా చెప్పేశా.

ఫిజియో_గాజువాక
వాళ్ళకి ఫోన్ చేసి "బస్సు దిగిన వాళ్ళని కూడా చూసుకోండి" అని చెప్పండి.

ఒంగోలు_బస్టాండు
బస్సు సంగతి చదివి వినిపించాను. "డిస్కుకి టికెట్ కొట్టలేదు, దింపెయ్యమను" అన్నారు నాన్న.

పరీక్షల సంగతి. నేను గదిలోనే ఉన్నాను. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు మడవకుండా ఎడమ కాలు పైకి లేపారు. దాదాపు నిటారుగా వచ్చేదాకా నొప్పి లేదు. తర్వాత బోర్లా తిప్పి మడమని పిర్ర వైపు మడిచారు, సగం దూరం వెళ్ళేలోపే తొడ ముందు భాగంలో "అమ్మా" అన్నారు. బొటనవేలు పైకి లేపమని తన చేత్తో నొక్కి పట్టుకున్నారు, గట్టిగానే ఉంది. దూదితో తాకితే మోకాలి కింద ముంగాలు లోపలి వైపు తేడా తెలిసింది, పాదం మీద తెలియలేదు. ఆఖర్న మోకాలిచిప్పకి 15 సెంటీమీటర్ల పైన టేపుతో కొలిచారు. ఎడమ తొడ 2 సెంటీమీటర్లు తక్కువ. ఒక్క కాలి మీద కుర్చీలోంచి లేవమంటే కుడి కాలితో లేచారు, ఎడమతో లేవలేకపోయారు.

సుత్తి_పట్టినోడు
ఆయన తొందరపడలేదు, చాలా ఓపిగ్గా చూశారు.

నేను దీన్ని ఇలా చదువుతాను. కాలు నిటారుగా లేపితే లాగబడేది ఎల్5, ఎస్1. అది మామూలుగా ఉంది. బోర్లా మడిస్తే లాగబడేవి తొడ ముందు నుంచి వెళ్ళే ఎల్2, ఎల్3, ఎల్4. అది నొప్పెట్టింది. బొటనవేలు లేపే కండరానిది ఎక్కువగా ఎల్5, అది బలంగా ఉంది. ముంగాలు లోపలి వైపు చర్మం ఎల్4ది, అక్కడ తేడా ఉంది. మోకాలి జెర్క్ ప్రధానంగా ఎల్4ది, అది పోయింది. తొడ కండరం, చర్మం, సుత్తి మూడూ ఎల్4 వైపే వేలు చూపిస్తున్నాయి. ఒక్క జెర్క్ మాత్రమే పోయి మిగతా రెండూ బాగుంటే నేను ఇంత ధైర్యంగా రాసేవాణ్ణి కాదు.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. ఆ ఎంఆర్ఐ సీడీ పట్టుకెళ్ళి రేడియాలజిస్టుని ఒక్క ప్రశ్న అడగండి: "ఎడమ ఎల్4-5 రంధ్రం నిలువు కోతల్లో ఎలా ఉంది?" మామూలుగా ఆ రంధ్రంలో నరం చుట్టూ తెల్లటి కొవ్వు ఉంటుంది, మధ్యలో నరం నల్లటి చుక్కలా కనిపిస్తుంది. డిస్కు అక్కడ దూరితే ఆ తెలుపు చెరిగిపోతుంది. అడ్డకోతలు మాత్రమే చూసి, అదీ మధ్యలో కాలువ మీదే కళ్ళు పెడితే ఇది తప్పిపోతుంది. చీటీలో "నడుం నొప్పి, ఎంఆర్ఐ" అని మాత్రమే రాసి పంపితే తప్పంతా రేడియాలజిస్టుది కూడా కాదు.

రెండో_ఏడాది_పీజీ
సార్, ఒక డౌట్. మా పుస్తకంలో పాదం పైకి లేపే కండరం ఎల్4 అని ఉంది. మా యూనిట్‌లో మాత్రం మడమల మీద నడవలేకపోతే ఎల్5 అంటారు. పరీక్షలో ఏది రాయాలి?

సుత్తి_పట్టినోడు
పరీక్షలో మీ ఎగ్జామినరు చదివిన పుస్తకం ప్రకారం రాయండి. రెండు నరాలూ ఆ కండరానికి వెళ్తాయి. నా అనుభవంలో పాదం పూర్తిగా జారిపోయినప్పుడు నలిగింది ఎక్కువగా ఎల్5. అందుకే ఆ రెంటినీ విడదీయడానికి నేను పాదాన్ని నమ్మను, బొటనవేలినే నమ్ముతాను.

ఫిజియో_గాజువాక
ఇక్కడ నేను ఒప్పుకోను సార్. ఎల్4 పేషెంట్లలో కూడా మడమ నడక తగ్గినవాళ్ళని బాగానే చూశాను. మనుషుల్లో తేడా ఉంటుంది. "నమ్మను" అంటే ఆ ఆధారం వదులుకున్నట్టే కదా.

సుత్తి_పట్టినోడు
వదలమనడం లేదు, దానికి తక్కువ మార్కులు వేస్తాను అంటున్నాను. మీరు ఎక్కువ వేసుకోండి.

నడుంనొప్పి_నారాయణ
నా కేసులో ఇంకో విషయం. పాదంతో చేతిని తొక్కమన్నారు, తొక్కాను, "పవర్ ఫుల్" అని రాసేశారు. తర్వాత ఫిజియో దగ్గర గోడకి వేలు ఆనించి ఒంటికాలి మీద మునివేళ్ళ మీదికి లేవమన్నారు. కుడివైపు ఇరవై సార్లు లేచాను. ఎడమవైపు నాలుగోసారికే మడమ దిగిపోయింది. మరి ఆ "ఫుల్" ఎక్కడిది?

ఫిజియో_గాజువాక
పిక్క మన ఒంటి బరువంతా లేపే కండరం. అందులో సగం బలం పోయినా మనిషి చేతిని ఓడించేస్తుంది. అందుకే ఎస్1 అనుమానం ఉంటే చేత్తో నొక్కి చూస్తే చాలదు, ఒంటికాలి మీద కనీసం పదిసార్లు లేపించాలి. తొడకీ అంతే. బస్టాండు గారి నాన్నని కుర్చీలోంచి ఒంటికాలితో లేపారు చూడండి, చేత్తో నొక్కితే అది బయటపడేది కాదేమో.

డల్లాస్_బాబాయి
నా కథ కూడా వినండి, లెవెల్ తప్పితే ఏమవుతుందో తెలుస్తుంది. మూడేళ్ళ క్రితం డైటింగ్ చేసి 14 కిలోలు తగ్గాను. ఇంటి నుంచే పని, కాలు మీద కాలేసుకుని గంటల తరబడి కూర్చోవడం. ఒకరోజు లేచి నిలబడితే కుడి పాదం వేలాడుతోంది, చెప్పు జారిపోతోంది. నొప్పి అసలు లేదు. ఎంఆర్ఐలో ఎల్4-5 బల్జ్ కనబడింది. ఇంకేముంది, ఎల్5 అన్నారు, ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చారు.

మా ఆవిడ పోరు పడలేక ఇంకొకరికి చూపించాను. ఆ డాక్టరమ్మ రెండే పనులు చేయించారు. పాదాన్ని లోపలికి తిప్పమన్నారు, బలంగా తిరిగింది. పక్కకి పడుకుని కాలు పైకి లేపమన్నారు, బలంగా లేచింది. "ఎల్5 దెబ్బతింటే ఈ రెండూ తగ్గాలి, నీ నరం నడుం దగ్గర కాదు, మోకాలి పక్కన ఎముక మీద నలిగింది" అన్నారు. నరాల పరీక్షలో అదే తేలింది. కాలు మీద కాలు మానేశాను, మూడు నెలల్లో పాదం లేచింది. డిస్కు బల్జ్ ఇప్పటికీ అక్కడే ఉంది, దాని మానాన అది, నా మానాన నేను.

రెండో_ఏడాది_పీజీ
ఇది నా వైవాలో అడిగారు! నరం మోకాలి దగ్గర నలిగినా పాదం లోపలికి తిప్పడం కూడా తగ్గుతుంది అని తప్పు చెప్పాను, ఎందుకంటే నేను చూసిన పేషెంటుకి తగ్గినట్టే అనిపించింది.

ఫిజియో_గాజువాక
పాదం వేలాడుతూ ఉండగా తిప్పమని ఉంటారు. ఆ భంగిమలో ఎవరికైనా బలహీనంగానే అనిపిస్తుంది. ముందు మీ చేత్తో పాదాన్ని చీలమండ దగ్గర 90 డిగ్రీలకి ఎత్తి పట్టుకుని, అప్పుడు లోపలికి తిప్పమనండి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

చక్కెర_లేని_టీ
బస్టాండు గారూ, మీ నాన్నగారికి షుగరుందా? మా పెదనాన్నకి అచ్చం ఇలాగే అయింది. తొడ ముందు నొప్పి, తొడ సన్నబడటం, మోకాలు మడత పడటం, జెర్క్ లేదు. ఎంఆర్ఐలో డిస్కు బల్జ్ ఉంది. అందరూ డిస్కు అన్నారు. చివరికి షుగరు వల్ల తొడ నరాలు దెబ్బతిన్నాయని తేలింది. డిస్కుకి ఏ సంబంధమూ లేదు.

ఒంగోలు_బస్టాండు
ఉందండి. పన్నెండేళ్ళుగా. పోయిన నెల హెచ్‌బీఏ1సీ 7.9. ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

సుత్తి_పట్టినోడు
టీ గారు మంచి మాట గుర్తుచేశారు. నేనే ముందు అడగాల్సింది. మీ పెదనాన్నగారు ఆ సమయంలో బరువు తగ్గారా?

చక్కెర_లేని_టీ
రెండు మూడు నెలల్లో 9 కిలోలు. మేం క్యాన్సరేమో అని భయపడ్డాం. నెలన్నరకి రెండో తొడ కూడా మొదలైంది.

సుత్తి_పట్టినోడు
అదీ తేడా. షుగరు రకంలో సాధారణంగా బరువు పడిపోతుంది, బరువు ఎత్తడంలాంటి కారణం లేకుండానే మొదలవుతుంది, ఒక్క నరంతో ఆగదు. తొడ, తుంటి కండరాలు కలిపి పట్టుకుంటుంది, వారాలు గడిచేకొద్దీ రెండో వైపుకీ పాకవచ్చు. కండక్టరు గారికి బండ లేపిన రోజే మొదలైంది, తేడా ఒక్క ఎల్4 పరిధిలోనే ఉంది. నేను డిస్కు వైపే మొగ్గుతాను. కానీ రంధ్రంలో నిజంగా డిస్కు కనబడకపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఇంకో సంగతి. ఆయన చీలమండ జెర్కులు చూస్తే రెండు వైపులా లేకపోవచ్చు. పన్నెండేళ్ళ షుగరుకి, అరవై దాటిన వయసుకి అది మామూలే. దాన్ని చూసి "రెండు ఎస్1లూ పోయాయి" అనుకోకండి. ఒకవైపు ఉండి ఇంకోవైపు లేకపోవడమే లెక్కలోకి వస్తుంది.

నడుంనొప్పి_నారాయణ
సుత్తి కొట్టడంలో ట్రిక్కేమైనా ఉందా? మా అబ్బాయి ఇంట్లో చెక్క గరిటెతో నా మోకాలి మీద కొట్టాడు, ఏమీ ఎగరలేదు. నాకు ఎల్4 కూడా పోయిందా?

సుత్తి_పట్టినోడు
మీరు కండరం బిగబట్టి ఉంటారు, అబ్బాయి చిప్ప మీద కొట్టి ఉంటాడు. చిప్ప కింద మెత్తగా ఉండే పట్టీ మీద కొట్టాలి, కాలు వేలాడుతుండాలి. అప్పటికీ రాకపోతే రెండు చేతుల వేళ్ళు కొక్కేల్లా కలిపి గట్టిగా లాగమని, అదే క్షణంలో కొట్టాలి. దాచుకున్న జెర్క్ బయటికొస్తుంది. గరిటె వంటింటి_వైద్యం గారికి ఇచ్చేయండి.

వంటింటి_వైద్యం
నా గరిటె నాకు ఇచ్చేయండి, పులుసు మాడుతోంది.

రేపల్లె_రాత్రిబస్సు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు ఎల్4-5 పెద్ద డిస్కు అని పోయిన నెల చెప్పారు. నిన్న సాయంత్రం నుంచి రెండు కాళ్ళూ గుంజుతున్నాయి. సీటు మీద కూర్చుంటే కింద తాకినట్టే తెలియడం లేదు. పొద్దుట్నుంచి మూత్రం రావడం లేదు. ఇది ఏ లెవెల్?

సుత్తి_పట్టినోడు
లెవెల్ వెతకొద్దు. ఇప్పుడే, ఈ రాత్రే, ఎంఆర్ఐ, వెన్ను ఆపరేషన్ సదుపాయం ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. "కూర్చునే చోట స్పర్శ లేదు, మూత్రం ఆగిపోయింది" అని ఈ రెండు మాటలూ మొదటే చెప్పండి. డిస్కు మధ్యలోకి జారి కింది నరాల కట్టంతా నలిపేస్తే ఇలా అవుతుంది. గంటలు లెక్కే. పొద్దున్న ఓపీ కోసం ఆగకండి, ఒంటరిగా వెళ్ళకండి.

ఫిజియో_గాజువాక
రాత్రిబస్సు గారూ, చేరాక ఒక్క ముక్క రాయండి.

రేపల్లె_రాత్రిబస్సు
తమ్ముడు రాస్తున్నాను. గుంటూరులో చేర్చాం. గొట్టం వేస్తే లీటరు పైనే వచ్చింది. పొద్దున్నే ఆపరేషన్ అన్నారు.

డల్లాస్_బాబాయి
మంచి పని చేశారు తమ్ముడూ.

ఒంగోలు_బస్టాండు
నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్. సీడీ పట్టుకెళ్ళి సుత్తి సార్ చెప్పిన ప్రశ్నే అడిగాను. రేడియాలజిస్టు మంచావిడ, విసుక్కోలేదు. స్క్రీన్ మీద ఎడమవైపు నిలువు కోతలు ఒక్కొక్కటీ జరుపుతూ చూపించారు. ఎల్3-4 రంధ్రంలో తెలుపు మధ్య నల్లచుక్క స్పష్టంగా ఉంది. ఎల్5-ఎస్1లోనూ ఉంది. మధ్యలో ఎల్4-5 దగ్గర తెలుపే లేదు, బూడిదరంగు ముద్ద. నాలాంటివాడికి కూడా కనబడింది. "తొడ నొప్పి, మోకాలి జెర్క్ లేదు అని చీటీలో ఉంటే మొదటే ఇక్కడ చూసేదాన్ని" అన్నారు. రిపోర్టు మార్చి, ఎడమ రంధ్రంలోకి జారిన డిస్కు ఎల్4 నరాన్ని నొక్కుతోందని రాసిచ్చారు.

నాన్న బరువు చూశాం, తగ్గలేదు. రెండో డాక్టరుగారు ఎడమ ఎల్4 నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి చూద్దాం, మోకాలి బలం ఇంకా తగ్గితే ఆపరేషన్ మాట్లాడదాం అన్నారు.

నడుంనొప్పి_నారాయణ
బావమరుదులకి ఫోన్ చేశాను. పెద్దవాడు "నాది ఎల్3-4, మరి నాకు ఎల్3నా ఎల్4నా" అని గొడవ.

సుత్తి_పట్టినోడు
ఎక్కడికి జారిందో చూడకుండా చెప్పలేం అని చెప్పండి, గొడవ తగ్గుతుంది.

రెండో_ఏడాది_పీజీ
సార్, అసలు పూసల లెక్కే తప్పితే? ఒక పేషెంటుకి చివరి నడుం పూస సగం త్రికాస్థితో అతుక్కుని ఉంది. ఒక రిపోర్టులో ఎల్4-5 అన్నారు, ఇంకోదాంట్లో అదే డిస్కుని ఎల్5-ఎస్1 అన్నారు. అప్పుడు నరాన్ని ఎలా పేరు పెట్టాలి?

సుత్తి_పట్టినోడు
అలాంటివాళ్ళలో కండరాల పంపకం కూడా ఒక నరం అటూ ఇటూ మారి ఉండొచ్చు. నేను నంబరు పక్కన పెట్టి "అతుక్కున్న పూసకి పైన మొదటి డిస్కు" అని రాస్తాను, సర్జన్‌తో కలిసి ఫిల్ములు చూస్తాను. ఇంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు.

ఫిజియో_గాజువాక
మా దగ్గర అలాంటాయన ఒకరున్నారు, అన్నీ ఎస్1 లక్షణాలు, ఫిల్ము మీద ఎల్5 నరం అన్నారు. ఇప్పటికీ తేలలేదు.

ఒంగోలు_బస్టాండు
ఇంజెక్షన్ అయి ఆరు వారాలు. నొప్పి సగం కంటే ఎక్కువే తగ్గింది, రాత్రి నిద్ర పడుతోంది. కుర్చీలోంచి ఎడమ కాలితో చెయ్యి ఆనించి లేవగలుగుతున్నారు. తొడ కొలత ఒక సెంటీమీటరు పెరిగింది. జెర్క్ మాత్రం రాలేదు.

సుత్తి_పట్టినోడు
బలం పెరుగుతోందా, అది చూడండి. జెర్క్ కొందరికి ఎప్పటికీ రాదు, దానివల్ల నడకకి ఇబ్బంది ఉండదు. ఇంకో డాక్టరెవరైనా సుత్తితో కొట్టి కంగారుపడితే ఇది పాతదని చెప్పడానికి రెండు రిపోర్టులూ దాచుకోండి.

ఒంగోలు_బస్టాండు
నిన్న మెట్లు దిగుతూ రెయిలింగ్ వదిలేసి నావైపు చూశారు. నేను అరిచాను, మళ్ళీ పట్టుకున్నారు.